5 నొక్కితే 1 వస్తోంది: గోర్ట్‌జెల్ వదిలేసి ఎఫ్ఎఫ్‌టీకి వెళ్లాలా?

బోరు_మోటార్_శ్రీను
మా పొలంలో బోరు మోటార్‌కి ఫోన్ స్టార్టర్ తయారు చేస్తున్నా. పాత ఫోన్ ఒకటి ఆటో ఆన్సర్‌లో పెట్టి, దాని హెడ్‌ఫోన్ జాక్ నుంచి కెపాసిటర్ ద్వారా ఆర్డునో ఊనో ఏ0 పిన్‌కి ఇచ్చా, రెండు రెసిస్టర్లతో 2.5 వోల్టుల బయాస్ పెట్టా. నేను కాల్ చేసి అంకె నొక్కితే అటు పక్కన గోర్ట్‌జెల్‌తో ఆ టోన్ పట్టాలి, ఇదీ ప్లాన్. 8000 హెర్ట్జ్‌కి కోఎఫిషియెంట్లు లెక్కేశా, 205 శాంపిళ్లు తీసుకుంటున్నా. సమస్య ఏంటంటే 5 నొక్కితే 1 వస్తోంది, 6 కి 2, 8 కి 4, 9 కి 5, 0 కి 7. హ్యాష్ నొక్కితే 8. ఇక 1, 2, 3, 4, 7, స్టార్ నొక్కితే ఏమీ రాదు, అసలు టోనే లేనట్టు ఊరుకుంటుంది. వైరింగ్ మొత్తం రెండోసారి చూశా, బాగానే ఉంది. గోర్ట్‌జెల్ ఇంత సరిగ్గా పనిచేయదా? ఎఫ్ఎఫ్‌టీకి మారిపోనా?

కోడ్‌కింగ్99
మారిపో బ్రో. గోర్ట్‌జెల్ అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని గుడ్డిగా వెతకడం, ఎఫ్ఎఫ్‌టీ అయితే మొత్తం స్పెక్ట్రం కనిపిస్తుంది. 256 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ లైబ్రరీ రెడీగా దొరుకుతుంది, పెద్ద పీక్‌లు రెండు తీసుకుని టేబుల్‌లో చూసుకో, అయిపోయింది.

ఫైనల్ఇయర్_సాయి
అన్నా రో కాలమ్ తారుమారు అయ్యాయేమో. నా 4x4 కీప్యాడ్‌లో కూడా ఇలాగే వచ్చింది, రిబ్బన్ కేబుల్ తిప్పి పెట్టాక సెట్ అయింది. పుల్ అప్ రెసిస్టర్లు ఉన్నాయా?

లతా_ఫర్మ్‌వేర్
సాయీ, అక్కడ కీప్యాడ్ వైర్లే లేవు, అంకె ఫోన్ లైన్ మీద రెండు టోన్లుగా వస్తుంది 🙂 కానీ రో కాలమ్ అన్న మాట మాత్రం వదలొద్దు. శ్రీను గారి లిస్టు కీప్యాడ్ మీద వేసి చూడండి, ప్రతి అంకె ఒక వరస పైకి, ఒక గడి ఎడమకి జరిగింది. పైవరసలో, ఎడమ నిలువులో ఉన్నవి కీప్యాడ్ బయటికి పోయాయి, అందుకే వాటికి ఏమీ రావట్లేదు. అడ్డదిడ్డంగా వచ్చే తప్పు కాదిది.

డీఎస్పీ_మాస్టారు
లత గారు అసలు పాయింట్ పట్టుకున్నారు. శ్రీనూ, శాంపిళ్లు ఎలా తీసుకుంటున్నావు? టైమర్ ఉందా, లూప్‌లో వరసగా చదివేస్తున్నావా?

బోరు_మోటార్_శ్రీను
లూపే మాస్టారూ. ఆర్డునోలో ఒక రీడింగ్‌కి వంద మైక్రోసెకన్ల పైనే పడుతుందని ఎక్కడో చదివా, అంటే దాదాపు 8000 వస్తుంది కదా అని అలాగే వదిలేశా.

```c
for (int n = 0; n < 205; n++)
  x[n] = analogRead(A0) - 512;
```

డీఎస్పీ_మాస్టారు
ఆ "దాదాపు"లోనే ఉంది కథంతా. ఊనోలో ఏడీసీ గడియారం మామూలుగా 125 కిలోహెర్ట్జ్, ఒక కన్వర్షన్‌కి 13 టిక్కులు, అంటే 104 మైక్రోసెకన్లు. దాని మీద `analogRead` ఫంక్షన్ సొంత ఖర్చు కలిపితే 112 దాకా పోతుంది. అంటే సెకనుకి సుమారు 8900 శాంపిళ్లు. నువ్వేమో 8000 అనుకుని కోఎఫిషియెంట్లు వేశావు. అప్పుడు ప్రతి టోన్ నీ కోడ్‌కి 8000/8900 వంతు, అంటే దాదాపు పదో వంతు తగ్గి కనిపిస్తుంది. 5 అంటే అడ్డ వరస టోన్ 770, నిలువు వరస టోన్ 1336 హెర్ట్జ్. తగ్గాక 692, 1201. వాటికి దగ్గర్లో ఉన్నవి 697, 1209. అదే 1.

ఇది కాకతాళీయం కూడా కాదు. ఈ టోన్లు ఏర్పాటు చేసినప్పుడు పక్క పక్క ఫ్రీక్వెన్సీల మధ్య నిష్పత్తి 21/19 ఉండేలా పెట్టారు, అంటే సుమారు 1.105. నీ శాంప్లింగ్ తప్పు 1.11 దగ్గర పడింది. రెండూ దాదాపు ఒకటే కాబట్టి ప్రతి టోన్ సరిగ్గా పక్క టోన్ గడిలో వచ్చి కూర్చుంటోంది. తప్పు ఇంకాస్త తక్కువైనా ఎక్కువైనా ఏ అంకే వచ్చేది కాదు, అప్పుడు కారణం వెతకడం ఇంకా కష్టమయ్యేది.

కోడ్‌కింగ్, ఎఫ్ఎఫ్‌టీ పెట్టినా ఇదే తప్పు వస్తుంది. ఎఫ్ఎఫ్‌టీ ఇచ్చేది ఎన్నో నంబర్ బిన్‌లో పీక్ ఉందన్న సంగతి, దాన్ని హెర్ట్జ్‌లోకి మార్చేటప్పుడు మళ్లీ ఆ 8000 తోనే గుణిస్తావు కదా.

కోడ్‌కింగ్99
సరే శాంప్లింగ్ రేట్ విషయం ఒప్పుకుంటా. కానీ మొత్తం స్పెక్ట్రం గీసి చూసుంటే 692, 1201 దగ్గర పీక్‌లు కనిపించేవి, రెండూ ఒకే వంతు తగ్గాయని మనిషికి వెంటనే తట్టేది. గోర్ట్‌జెల్ ఆ ఎనిమిది చోట్ల తప్ప ఇంకెక్కడా చూడదు, అందుకే ఇంత తికమక.

ఒంగోలు_రేడియో
ఈ మాట నిజం. తప్పు వెతికేటప్పుడు ఎఫ్ఎఫ్‌టీ, పనిచేసే బోర్డులో గోర్ట్‌జెల్, నేను చేసేది అదే. ఫోన్ హెడ్‌ఫోన్ వైరు లాప్‌టాప్ మైక్‌కి ఇచ్చి రికార్డు చేసి, ఆడాసిటీలో స్పెక్ట్రం గీయండి. అక్కడ 770, 1336 సరిగ్గా కనిపిస్తే ఫోన్, వైరు బాగున్నట్టే, ఇక తేడా ఆర్డునో వైపే.

ఫైనల్ఇయర్_సాయి
ఎంటీ8870 చిప్ పెట్టేస్తే ఇదంతా ఉండదు కదా? మా సీనియర్లు ఫోన్‌తో నడిచే రోబో దాంతోనే చేశారు, నాలుగు పిన్నుల్లో అంకె వచ్చేస్తుంది.

బోరు_మోటార్_శ్రీను
అది తెలుసు సాయీ, చిప్ తెచ్చుకుంటే పనైపోతుంది. కానీ లోపల ఏం జరుగుతుందో నాకు తెలియాలి, రేపు పొలంలో పాడైతే నేనే బాగు చేసుకోవాలి. మాస్టారూ, టైమర్ ఎలా పెట్టాలి?

లతా_ఫర్మ్‌వేర్
టైమర్1 ని సీటీసీ మోడ్‌లో, ప్రీస్కేలర్ లేకుండా, `OCR1A = 1999` పెట్టండి. 16 మెగాహెర్ట్జ్‌ని 2000 తో భాగిస్తే కచ్చితంగా 8000. ఏడీసీని ఆ టైమర్ ట్రిగ్గర్ చేసేలా పెట్టి, కన్వర్షన్ అయ్యాక వచ్చే ఇంటరప్ట్‌లో విలువ తీసుకోండి. టైమర్ ఇంటరప్ట్ లోపల `analogRead` పిలవొద్దు. ఉన్న 125 మైక్రోసెకన్లలో 112 అదే తినేస్తుంది, లెక్కకి ఏమీ మిగలదు.

కోడ్‌కింగ్99
స్పీడ్ మాటకొస్తే గోర్ట్‌జెల్ ఎఫ్ఎఫ్‌టీ కన్నా చాలా ఫాస్ట్ అని అందరూ అంటారు, అది మాత్రం నేనూ ఒప్పుకుంటా.

డీఎస్పీ_మాస్టారు
అందరూ అంటారు, లెక్క వేసి చూసేవాళ్లే తక్కువ. గోర్ట్‌జెల్‌లో ఒక్కో టోన్‌కి శాంపిల్‌కి ఒక గుణకారం. ఎనిమిది టోన్లు, 205 శాంపిళ్లు, మొత్తం 1640. 256 పాయింట్ల సాదా ఎఫ్ఎఫ్‌టీలో 1024 కాంప్లెక్స్ గుణకారాలు, ఒక్కోదానికి నాలుగు మామూలు గుణకారాలు వేసుకుంటే 4096. కానీ మన సిగ్నల్ రియల్ కాబట్టి సగం సైజు ఎఫ్ఎఫ్‌టీతో పని కానిచ్చే పద్ధతి ఉంది, అలా చేస్తే 2300 దగ్గరకొస్తుంది. ఒకటితో గుణించే చోట్లు వదిలేస్తే ఇంకా తగ్గుతుంది. అంటే ఎనిమిది టోన్ల దగ్గర రెండూ ఇంచుమించు సమానం. పదహారు టోన్లు వెతకాల్సి వస్తే ఎఫ్ఎఫ్‌టీయే గెలుస్తుంది. ఒక్క టోనే కావాలంటే గోర్ట్‌జెల్ దరిదాపుల్లోకి ఎవరూ రారు.

ఇక్కడ గోర్ట్‌జెల్ వాడటానికి నా దృష్టిలో అసలు కారణం మెమరీ. ఊనోలో ర్యామ్ మొత్తం 2048 బైట్లు. 256 పాయింట్ల కాంప్లెక్స్ ఎఫ్ఎఫ్‌టీకి 16 బిట్లలో పెట్టినా 1024 బైట్లు పోతాయి, సగం ర్యామ్ దానికే. గోర్ట్‌జెల్‌కి టోన్‌కి రెండు పాత విలువలు గుర్తుంటే చాలు, 32 బిట్లలో పెట్టుకున్నా ఎనిమిదింటికి 64 బైట్లు. పైగా శాంపిళ్లు దాచుకోనక్కర్లేదు. శాంపిల్ వచ్చిన వెంటనే ఎనిమిది చోట్లా కలిపేసి దాన్ని వదిలేయొచ్చు.

ఇంకోటి, ఎఫ్ఎఫ్‌టీలో బిన్‌లు ఎక్కడ పడితే అక్కడే చూడాలి. 8000 కి 256 పాయింట్లంటే బిన్‌కి 31.25 హెర్ట్జ్, 770 వెళ్లి 24.64 దగ్గర పడుతుంది, రెండు బిన్‌ల మధ్య. దగ్గరి బిన్‌లో చూసినా సుమారు 2 డీబీ తక్కువ కనిపిస్తుంది. గోర్ట్‌జెల్‌ని సరిగ్గా 770 దగ్గరే పెట్టొచ్చు.

ఒంగోలు_రేడియో
మాస్టారూ ఒక సందేహం. చాలా పుస్తకాల్లో k పూర్ణాంకం అయి తీరాలి, అందుకే 205 అని ఉంటుంది కదా. 770 కి k = 19.73, దాన్ని 20 చేయమంటారు.

డీఎస్పీ_మాస్టారు
20 చేస్తే ఒక డీబీ దాకా ఊరికే పోతుంది. మనకి కావాల్సింది పవర్ ఒక్కటే, ఫేజ్ అక్కర్లేదు. చివర్లో వేసే ఈ లెక్క k భిన్నం అయినా కచ్చితంగా సరిపోతుంది:

```
P = s1*s1 + s2*s2 - 2*cos(w)*s1*s2
```

`w` లో 770 ని నేరుగా పెట్టుకో. 205 ఎందుకొచ్చిందంటే, ఆ పొడవులో ఎనిమిది టోన్లూ పూర్ణాంకాలకి బాగానే దగ్గరగా పడతాయి. అది సౌకర్యం కోసం చేసుకున్న ఎంపిక, తప్పనిసరి నియమమేమీ కాదు.

బోరు_మోటార్_శ్రీను
టైమర్ పెట్టా, అన్ని అంకెలూ కరెక్ట్‌గా వస్తున్నాయి! మీ అందరికీ రుణపడి ఉన్నా. లాప్‌టాప్‌లో కూడా చూశా, ఒంగోలు అన్న చెప్పినట్టే 770, 1336 నిలువుగా లేచాయి. అయితే ఇంకో కొత్త తలనొప్పి. లెక్క శాంపిల్ శాంపిల్‌కి చేద్దామని ఫ్లోట్ తీసేసి `int` లోకి మార్చా. ఇప్పుడు ఫోన్ వాల్యూమ్ సగంలో ఉంటే అంతా బాగుంది, ఫుల్‌కి పెంచితే తప్పులు. సౌండ్ పెంచితే ఇంకా బాగా పట్టాలి కదా? చిత్రం ఏంటంటే నిలువు వరస ఎప్పుడూ కరెక్టే, అడ్డ వరసే మారిపోతోంది. 5 కి ఒకసారి 2, ఒకసారి 8, ఒకసారి 0.

కోడ్‌కింగ్99
ఫుల్ వాల్యూమ్‌లో ఫోన్ యాంప్లిఫయర్ డిస్టార్ట్ అవుతోంది బ్రో, వాల్యూమ్ తగ్గించుకో.

లతా_ఫర్మ్‌వేర్
డిస్టార్షన్ అయితే అడ్డ వరసలు మాత్రమే ఎందుకు చెడతాయి? ఇది ఓవర్‌ఫ్లో. లెక్క వేసి చూద్దాం.

గోర్ట్‌జెల్ ఒక రెజొనేటర్. సరైన టోన్ వస్తే దాని లోపలి విలువ శాంపిల్ శాంపిల్‌కి పెరుగుతూ పోతుంది, చివరికి `N*A/(2*sin(w))` దాకా చేరుతుంది. 10 బిట్ల ఏడీసీలో నిండా సిగ్నల్ అంటే ±512, రెండు టోన్లు పంచుకుంటే ఒక్కోటి 256. 697 కి `sin(w)` 0.52, అంటే 205 × 256 ని 1.04 తో భాగిస్తే 50 వేల పైమాటే. `int` ఊనోలో 16 బిట్లు, 32767 దాటితే గుర్తు తిరగబడి నెగటివ్‌లోకి పోతుంది. 697 కి అది 133వ శాంపిల్ దగ్గరే జరిగిపోతుంది, అక్కణ్ణించి ఆ విలువకి అర్థం లేదు.

ఇప్పుడు 1209 కి వేయండి. `sin(w)` 0.81, విలువ 32 వేల 300 లోపు. అంచు మీద ఆగిపోయింది! 1336, 1477 కి ఇంకా తక్కువ. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఈ విలువ పెరుగుతుంది కాబట్టి నాలుగు అడ్డ వరసలూ పొంగిపోతున్నాయి, నిలువు వరసలు వెంట్రుకవాసిలో తప్పించుకుంటున్నాయి. మీకు కనిపించింది సరిగ్గా అదే.

```c
int32_t s0 = x + ((coeff * s1) >> 14) - s2;
s2 = s1;
s1 = s0;
```

`coeff` అంటే 2cos(w) ని 16384 తో గుణించింది, 697 కి 27980. `s1`, `s2`, `coeff` అన్నీ `int32_t` లో పెట్టండి, మధ్యలో గుణకారం కూడా 32 బిట్లలోనే సరిపోతుంది. కానీ చివర్లో పవర్ లెక్కలో `s1*s1` 32 బిట్లు దాటుతుంది. అది 205 శాంపిళ్లకి ఒక్కసారే కాబట్టి అక్కడ ఫ్లోట్ వాడినా బరువేమీ ఉండదు.

బోరు_మోటార్_శ్రీను
మేడం, మార్చా, ఫుల్ వాల్యూమ్‌లో కూడా బాగుంది. 133వ శాంపిల్ అన్నారు కదా, సీరియల్ ప్లాటర్‌లో పాత కోడ్ `s1` గీసి చూస్తే నిజంగానే మధ్య దాటాక పైనుంచి ఒక్కసారిగా కిందికి దూకింది.

పాత_ఎక్స్ఛేంజ్
టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను, ఒక మాట చెప్తా బాబూ. టోన్ ఉన్నప్పుడు పట్టడం సులువే, లేనప్పుడు పట్టకుండా ఉండటమే కష్టం. లైన్ మీద ఎవరైనా మాట్లాడితే, మరీ ముఖ్యంగా సన్నని గొంతులో అచ్చులు సాగదీస్తే, రిసీవర్ దాన్ని అంకె అనుకుంటుంది. దాన్ని మేం టాక్ ఆఫ్ అనేవాళ్లం. నీ దాంట్లో అంకె తప్పుగా పట్టిందంటే బోరు మోటార్ ఆన్ అవుతుంది, అక్కడ ఎవరైనా మనిషి పని చేస్తుంటే? ఎనిమిదింట్లో పెద్దది తీసుకుని అంకె అనేస్తున్నావా, ఇంకేమైనా చూస్తున్నావా?

బోరు_మోటార్_శ్రీను
పెద్దవి రెండు తీసుకుని ఒక హద్దు దాటితే చాలు అనుకుంటున్నా అండీ. మీరన్నాక కాల్ చేసి మా పాపతో మాట్లాడించి చూశా, మధ్య మధ్యలో అంకెలు పడుతున్నాయి.

డీఎస్పీ_మాస్టారు
పెద్దాయన చెప్పింది అన్నిటికన్నా ముఖ్యం. దీనికి మొత్తం ఎనర్జీతో పోల్చడం మంచి ఉపాయం. 205 శాంపిళ్ల వర్గాల మొత్తం E అనుకో. సిగ్నల్‌లో ఆ రెండు టోన్లు తప్ప ఇంకేమీ లేకపోతే రెండు పవర్‌ల మొత్తం ఇంచుమించు E × N/2 కి సమానం అవుతుంది, అంటే నిష్పత్తి 1 దగ్గర. మాటల్లో శక్తి బోలెడు చోట్లకి చెదిరిపోయి ఉంటుంది, నిష్పత్తి బాగా కిందకి పడిపోతుంది. వాల్యూమ్ ఎంతున్నా ఈ నిష్పత్తి మారదు, కాబట్టి హద్దు ఒకసారి పెట్టుకుంటే చాలు. నేనైతే 0.7 దగ్గర మొదలుపెట్టి నీ లైన్ మీద చూసుకుంటూ సర్దుతా. E లెక్కేసేటప్పుడు 512 తీసేసిన విలువలే వాడు. బయాస్ సరిగ్గా 512 దగ్గర లేకపోతే ఆ మిగిలింది కూడా E లోకి చేరి, నిష్పత్తి ఊరికే పడిపోయినట్టు కనిపిస్తుంది.

పాత_ఎక్స్ఛేంజ్
దాంతో పాటు అడ్డ టోన్‌కి, నిలువు టోన్‌కి మధ్య తేడా కూడా చూడు, మరీ ఒకటి గట్టిగా ఒకటి సన్నగా ఉంటే వదిలేయి. వరసగా రెండు బ్లాకుల్లో అదే అంకె రావాలి, మధ్యలో ఖాళీ రావాలి, అప్పుడే ఇంకో అంకె అని లెక్క. మోటార్‌కి ఒక్క అంకె పెట్టకు, మూడు అంకెల కోడ్ పెట్టు.

ఒంగోలు_రేడియో
ఒక అభ్యంతరం. 205 తో నిఖార్సైన డీకోడర్ రాదు. ఐటీయూ క్యూ.24 లో ఏటీ అండ్ టీ వరస చూస్తే 1.5 శాతం లోపు తేడా ఉన్న టోన్ ఒప్పుకోవాలి, 3.5 శాతం దాటితే తిరస్కరించాలి. 697 కి 3.5 శాతం అంటే 24 హెర్ట్జ్. 1633 కి 1.5 శాతం అన్నా 24 హెర్ట్జే! అంటే అదే 24 హెర్ట్జ్ తేడాని ఒక చోట ఒప్పుకోవాలి, ఇంకో చోట కాదనాలి. 205 లో 24 హెర్ట్జ్ పక్కకి పోతే 6.5 డీబీ తగ్గుతుంది, రెండు చోట్లా అంతే. ఒకే హద్దుతో ఎలా విడదీస్తారు?

డీఎస్పీ_మాస్టారు
నిజమే, ఒకే N తో కుదరదు. కింది టోన్లకి పొడవు పెంచి పై టోన్లకి తగ్గించుకోవచ్చు, గోర్ట్‌జెల్‌లో టోన్‌కో N పెట్టే వీలుంది. ఒక్క ఎఫ్ఎఫ్‌టీతో అది చేయలేం.

ఒంగోలు_రేడియో
కింది టోన్లకి పొడవు పెంచితే 40 మిల్లీసెకన్ల చిన్న టోన్ బ్లాకులో నిండదు మాస్టారూ. 205 కే 25.6 మిల్లీసెకన్లు. బ్లాకు మధ్యలో టోన్ మొదలైతే ఏ బ్లాకూ పూర్తిగా నిండకుండా పోయే అవకాశం ఇప్పటికే ఉంది.

లతా_ఫర్మ్‌వేర్
బ్లాకుల్ని సగం సగం ఒకదాని మీద ఒకటి ఎక్కించి నడిపితే? లెక్క రెట్టింపు అవుతుంది, ఊనోలో శాంపిల్‌కి 2000 సైకిళ్లే ఉన్నాయి. పదహారు రెజొనేటర్లు అంటే ఒక్కోదానికి 125. 32 బిట్ల గుణకారంతో అందులో పడుతుందని నాకు నమ్మకం లేదు, అసెంబ్లీలో రాస్తే పడొచ్చేమో.

కోడ్‌కింగ్99
పొలం మోటార్‌కి 3.5 శాతం రూలు ఎందుకు బ్రో, అవతల టోన్ పుట్టించేది మొబైల్ నెట్‌వర్కే కదా, కచ్చితంగానే ఉంటుంది.

పాత_ఎక్స్ఛేంజ్
ఈసారి నువ్వు చెప్పింది కరెక్ట్ బాబూ. మొబైల్‌లో అంకె నొక్కితే ఫోన్ సందేశం మాత్రమే పంపుతుంది, టోన్ అటు నెట్‌వర్క్‌లో పుడుతుంది, ఫ్రీక్వెన్సీ విషయంలో భయం లేదు. కానీ ఆ రూలు పెట్టింది మాటల్ని తోసిపుచ్చడానికి కూడా. హద్దు వెడల్పైతే గొంతులు ఎక్కువ దూరతాయి.

బోరు_మోటార్_శ్రీను
నిష్పత్తి చెక్, రెండు బ్లాకుల రూలు పెట్టాక మా పాప మాటలకి ఇంకా ఏ అంకే పడలేదు. 0.7 తోనే ఉంచా. అయితే మా తమ్ముడి ఫోన్ నుంచి చేస్తే కొన్ని అంకెలు తప్పిపోతున్నాయి, నిష్పత్తి 0.6 దాకా పడుతోంది. వాడిది వోల్టీ కాల్, నాది మామూలు 2జీ. టోన్ చిన్నగా వస్తోందా, మధ్యలో కోడెక్ నలిపేస్తోందా ఎలా తెలుస్తుంది?

ఒంగోలు_రేడియో
రెండు కాల్స్ లాప్‌టాప్‌లో రికార్డు చేసి టోన్ పొడవు కొలవండి. 50 మిల్లీసెకన్ల కన్నా తక్కువుంటే మీ రెండు బ్లాకుల రూలుకి అందట్లేదు. పొడవు బాగానే ఉండి స్పెక్ట్రంలో రెండు పీక్‌ల చుట్టూ చెత్త లేస్తే కోడెక్ పని. రికార్డింగ్ ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తా.

ఫైనల్ఇయర్_సాయి
శ్రీను అన్నా ఆ రికార్డింగ్ పెట్టినప్పుడు ఆఖరి కోడ్ కూడా పెట్టు, ఎంటీ8870 పక్కన పెట్టి రెండూ ఒకే కాల్ మీద పోల్చి చూస్తా.